అడగకుండా అడిగే ఉత్తరాలు

ముక్కూమొహం తెలియని పెద్దమనిషికి ఈమెయిల్ రాసి సాయం కోరడానికి మనవాళ్లలో ఒక పద్ధతి పాతుకుపోయింది. ముందు నమస్కారం. తర్వాత ఫలానా కాలేజీ, ఫలానా బ్రాంచి, పదో తరగతిలో ఇన్ని మార్కులు, ఇంటర్లో ఇన్ని. ఆపైన ‘మీ పరిశోధన చదివి ఎంతో స్ఫూర్తి పొందాను’ అని ఒక పేరా. చివరికి ‘మీరు ఏ విధమైన సహాయం, సలహా, అవకాశం ఇచ్చినా జన్మంతా రుణపడి ఉంటాను’ అని ముగింపు. ఇంతా చదివాక ఆ పిల్లవాడికి ఏం కావాలో మాత్రం తెలియదు.

ఇలా రాయమని నేర్పేవాళ్లేమీ తెలివితక్కువ వాళ్లు కారు. సీనియర్లు నేర్పుతారు, కన్సల్టెన్సీల వాళ్లు నేర్పుతారు, అమెరికాలో స్థిరపడ్డ బాబాయిలు ఫోన్లో నేర్పుతారు. వాళ్లు చెప్పేదానికి ఒక లెక్క ఉంది. పరిచయం లేని మనిషిని మొదటి ఉత్తరంలోనే ఫలానాది కావాలని అడిగితే దురుసుగా ఉంటుందట. ఏదో ఒక్కటే అడిగితే ఆయన చేయగలిగిన మిగతా తొమ్మిది సాయాలకూ మనమే తలుపు మూసుకున్నట్టట. అందుకని ముందు పరిచయం పెంచుకోవాలి, కుదిరితే ఓ పదిహేను నిమిషాల కాల్ అడగాలి, అసలు సంగతి ఆ కాల్‌లో మెల్లగా కదపాలి. వినడానికి ఎంత మర్యాదగా ఉందో! ఈ మూడు మాటలూ తప్పేనని నా వాదన. ఆ మర్యాద అంతా ఉత్తరం రాసినవాడి మొహమాటాన్ని కాపాడటానికే తప్ప చదివేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మాటల్లో కాకుండా ఒక కేసు పెట్టుకుని చూద్దాం. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదివే ఒక అమ్మాయి అనుకోండి. సొంతూరు కోనసీమలో, సముద్రానికి దగ్గరగా, అల్లవరం వైపు. ఊళ్లో వరి చేలు కొన్ని రొయ్యల చెరువులయ్యాయి, చేతిపంపుల్లో నీళ్లు ఉప్పుబారాయి. ఉప్పు రొయ్యల చెరువుల నుంచి కిందికి ఇంకుతోందని ఒక వర్గం, సముద్రపు నీరే భూమి అడుగున లోపలికి చొచ్చుకొస్తోందని ఇంకో వర్గం. ఈ తగువు తేల్చడమే ఆమె ప్రాజెక్టు. జేబులో పట్టే ఈసీ మీటరుతో ఊరి పంపుల నీళ్లన్నీ కొలిచింది, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. కాలేజీ ల్యాబులో క్లోరైడ్ కూడా చూసింది. ఇప్పుడు బయటి ల్యాబుకు నమూనాలు పంపాలి, కానీ చేతిలో ఉన్న డబ్బు ఒక్క రకం పరీక్షకే సరిపోతుంది. బ్రోమైడ్ చేయించాలా, నీటి ఐసోటోపులు చేయించాలా? ఆమె గైడుకు ఈ విషయంలో అనుభవం లేదు. హైదరాబాద్‌లో తీరప్రాంత భూగర్భజలాల మీద ఏళ్లుగా పనిచేస్తున్న ఒక శాస్త్రవేత్త పేరు ఏదో పేపర్లో కనిపించింది. ఆవిడకు రాయాలి.

లోకం మెచ్చే పద్ధతిలో రాస్తే ఆ ఉత్తరం ఇలా ఉంటుంది: ‘గౌరవనీయులైన మేడమ్ గారికి, నేను కోనసీమ భూగర్భజలాల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఈ రంగంలో మీ కృషి నాకెంతో స్ఫూర్తి. నా ప్రాజెక్టుకు మీ అమూల్యమైన మార్గదర్శకత్వం కోరుతున్నాను. మీ సంస్థలో ఇంటర్న్‌షిప్ అవకాశం ఉన్నా తెలియజేయగలరు. వీలైతే ఒక పదిహేను నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా? నా రెజ్యూమె, ప్రాజెక్టు రిపోర్టు జతచేశాను.’

ఈ ఉత్తరాన్ని ఆవిడ వైపు నుంచి చదవండి. మీటింగుకూ మీటింగుకూ మధ్య, ఫోన్లో, నిలబడి చదువుతోంది. మార్గదర్శకత్వం అంటే ఏమిటి? రిపోర్టు చదివి తప్పులు చెప్పాలా, నెలనెలా చూస్తూ ఉండాలా, ప్రాజెక్టు మీద తన పేరు వేయాలా? ఇంటర్న్‌షిప్ తన చేతిలో ఉందా, పరిపాలన విభాగం చేతిలో ఉందా? కాల్ దేనికి, ఇంటర్న్‌షిప్‌కా, ప్రాజెక్టుకా? వీటిలో దేనికీ ‘సరే’ అనలేదు, ఎందుకంటే దేనికి సరే అంటోందో తనకే తెలియదు. రిపోర్టు తెరిచి చదివితే ఈ అమ్మాయి ఎక్కడ ఆగిపోయిందో దొరుకుతుందేమో. అంటే అసలు ప్రశ్న ఏమిటో వెతికి పట్టుకునే పని కూడా ఆవిడ మీదే పడింది. మంచి మనిషి అయితే ఆ ఉత్తరానికి స్టార్ గుర్తు పెట్టుకుంటుంది, ఆదివారం తీరిగ్గా చూద్దామని. ఆ ఆదివారం రాదు. ఇంకా మంచి మనిషి అయితే ‘చాలా మంచి ప్రయత్నం, ఆల్ ది బెస్ట్’ అని పంపుతుంది. అడగని ప్రశ్నకు ఇవ్వగలిగిన అత్యుత్తమ జవాబు అదే.

ఇప్పుడు అదే అమ్మాయి ఇంకోలా రాసిందనుకుందాం. సబ్జెక్టు లైనులోనే ‘ఒక ప్రశ్న: అల్లవరం ఉప్పునీటికి బ్రోమైడా, ఐసోటోపులా?’ అని పెట్టింది. లోపల ఇంతే ఉంది:

‘నమస్కారం మేడమ్. నేను కాకినాడలో బీటెక్ సివిల్ చివరి ఏడాది విద్యార్థిని. మా ఊరి చేతిపంపుల్లో ఉప్పు రొయ్యల చెరువుల నుంచి వస్తోందా, సముద్రం నుంచి వస్తోందా అని తేల్చాలనుకుంటున్నాను. రెండు సీజన్ల ఈసీ, క్లోరైడ్ లెక్కలు ఉన్నాయి. చెరువులకు దగ్గరున్న పంపుల్లో వానల తర్వాత కూడా ఉప్పు తగ్గలేదు. నా దగ్గరున్న డబ్బు ఒక్క పరీక్షకే వస్తుంది. క్లోరైడ్, బ్రోమైడ్ నిష్పత్తి చూడాలా, ఆక్సిజన్ ఐసోటోపులు చూడాలా? మీ పేపరు చదివాక నేను బ్రోమైడ్ వైపు మొగ్గుతున్నాను. ఒక్క ముక్కలో చెప్పినా చాలు. 20వ తేదీన నమూనాలు పంపాలి. అప్పటికి మీకు వీలు కాకపోతే బ్రోమైడే చేయిస్తాను.’

దీనికి జవాబివ్వాలంటే ఆవిడ ఏమీ తెరవక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు, క్యాలెండర్ చూడక్కర్లేదు. తలలో ఉన్నదే చాలు. లిఫ్టు కోసం నిలబడే రాయొచ్చు: ‘బ్రోమైడ్ వద్దు. చెరువుల్లోకి తోడేది ఉప్పుటేరు నీళ్లే కదా, అదీ పలచబడ్డ సముద్రపు నీరే. రెండింటి నిష్పత్తీ ఒకటే వస్తుంది. ఐసోటోపులు చేయించు, చెరువు నీరు ఎండకు ఆవిరై ఉంటుంది కాబట్టి తేడా కనిపించవచ్చు. చెరువు నమూనా కూడా ఒకటి పంపు.’

ఈ జవాబులో ఉన్న విద్య చూడండి. సముద్రపు నీటిలో క్లోరైడ్, బ్రోమైడ్ బరువుల నిష్పత్తి దాదాపు 290. మురుగునీటి ఉప్పునో రాతి ఉప్పునో సముద్రపు ఉప్పు నుంచి విడదీయడానికి అది బాగా పనికొస్తుంది. సముద్రపు ఉప్పును సముద్రపు ఉప్పు నుంచే విడదీయాలంటే పనికిరాదు. నీరు ఆవిరైనా ఉప్పులు రెండూ అలాగే మిగులుతాయి కనుక నిష్పత్తి కదలదు. ఆవిరయ్యేటప్పుడు తేలికైన ఆక్సిజన్ ఉన్న నీరు ముందు పోతుంది, బరువైనది మిగులుతుంది, కాబట్టి చెరువులో ఎండిన నీటికి తనదైన ముద్ర పడుతుంది. అమ్మాయి తప్పు పరీక్షకు డబ్బు పోయబోతోంది. ఆ సంగతి ఒక్క చూపులో ఎందుకు పట్టుబడింది? ఆమె ఒకే ప్రశ్న అడిగింది, తాను ఎటు మొగ్గుతోందో కూడా చెప్పింది కనుక. ‘మార్గదర్శకత్వం’ అడిగి ఉంటే ఆ తప్పు రిపోర్టులో ఏ పద్దెనిమిదో పేజీలోనో దాక్కుని ఉండేది.

ఒకటే అడిగితే మిగతా సాయాలు పోతాయన్న భయానికి జవాబు ఇక్కడే ఉంది. చెరువు నమూనా పంపమన్న మాట ఆమె అడగలేదు, అదనంగా వచ్చింది. నిపుణులకు తమ విద్యలో ఒక సూటి ప్రశ్న దొరికితే అడిగినదానితో ఆగడం కష్టం. పక్కనే కనిపించే పొరపాటు కూడా చెప్పేస్తారు. పేపర్లో రాని ఒక పాత సంగతో, ఇంకెవరి పేరో కలుపుతారు. ఇవన్నీ జాబితాగా ముందే అడిగినవాడికి మాత్రం ఏదీ రాదు. మూడు కోరికలున్న ఉత్తరానికి జవాబు రాయాలంటే మూడింటికీ రాయాలి, లేదా రెండు కాదని చెప్పి మూడోది ఒప్పుకోవాలి. ఏ ఒక్కటి బరువుగా ఉన్నా మొత్తం ఉత్తరమే పక్కకు పోతుంది. ‘ఫోన్లో గానీ, మెయిల్లో గానీ, లేకపోతే ఇంకెవరికైనా పంపినా సరే’ అని రాసేవాడు వెసులుబాటు ఇస్తున్నాననుకుంటాడు. అక్కడ ఇచ్చింది ఎంచుకునే పని.

పదిహేను నిమిషాల కాల్ సంగతికి వద్దాం. ఈ సలహా ఇప్పుడు చాలా నాగరికంగా చెలామణీ అవుతోంది, పైగా చూడటానికి ‘ఒకే కోరిక’లాగే ఉంటుంది. చిన్నది, కొలత ఉన్నది, తేలిగ్గా సరే అనొచ్చు. నిజానికి అది చిన్నదీ కాదు, కొలత ఉన్నదీ కాదు. ఎప్పుడు వీలు అని ఒక ఉత్తరం, మంగళవారం కుదరదని ఇంకోటి. అవతలివాళ్లు కాలిఫోర్నియాలో ఉంటే మనకూ వాళ్లకూ ఎండాకాలం పన్నెండున్నర గంటలు, చలికాలం పదమూడున్నర గంటలు తేడా, కాబట్టి ఒకరి పొద్దున్న ఇంకొకరి రాత్రిలో పడుతుంది. ఆపైన లింకు. కాల్ మొదలయ్యాక మొదటి ఐదు నిమిషాలు కుశల ప్రశ్నలు. అన్నింటికీ మించి, ఆ కాల్‌లో ఏం అడగబోతున్నారో తెలియదు. అపరిచితుడికి ఫోన్లో ‘కాదు’ అని చెప్పడం మెయిల్లో చెప్పడం కన్నా ఇబ్బంది. ఆ ఇబ్బందిలోకి ఎవరు మాత్రం కోరి వెళతారు? అంటే ఈ సలహా అసలు కోరికను కాల్ వెనక దాచిపెట్టి, దాచినదాన్ని చూడకుండానే సరే అనమంటోంది.

కాల్ అవసరమయ్యే పనులు లేవని కాదు. ఒక యంత్రం ఎలా విప్పాలో, ఒక పొలం ఎలా సర్వే చేయాలో మాటల్లో రాయలేని సందర్భాలు ఉంటాయి. అప్పుడు కూడా ఆ కాల్‌లో అడగబోయే ప్రశ్నను ఉత్తరంలో పెట్టేయండి. నూటికి తొంభైమంది కాల్ మాట వదిలేసి ఆ ప్రశ్నకే జవాబు రాసేస్తారు. (ఈ తొంభై నా అంచనానే, ఎవరి సర్వే కాదు.)

‘రామానుజన్ ఏం అడిగాడండీ? తన లెక్కలు పంపాడు, హార్డీ గుర్తుపట్టాడు’ అని ఒక పెద్దాయన నాతో వాదించారు. ఈ ఉదాహరణ అటువైపు వాళ్లకు ఇష్టమైనది కనుక కాస్త నిలిచి చూడాలి. 1913 జనవరి 16న మద్రాసు పోర్ట్ ట్రస్ట్ అకౌంట్స్ విభాగంలో గుమాస్తాగా ఉన్న రామానుజన్ రాసిన ఆ ఉత్తరం నిజానికి మెత్తగానే ముగుస్తుంది. జతచేసిన కాగితాలు చూడమన్నాడు, విలువైనవి ఉంటే అచ్చు వేయించాలని ఉందన్నాడు, ఏ సలహా ఇచ్చినా విలువైనదేనన్నాడు. కేంబ్రిడ్జిలోనే బేకర్, హాబ్సన్ అనే ఇద్దరు గణితవేత్తలకు కూడా రామానుజన్ రాశాడు, అక్కడ పని జరగలేదు. హార్డీ దగ్గర జరిగిందంటే ఆ మర్యాద వాక్యాల వల్ల కాదు, వెనక కాగితాల్లో వరసగా ఉన్న సిద్ధాంతాల వల్ల. అలాంటి కాగితాలు జతచేయగలిగినవాడు ఎలా రాసినా ఫరవాలేదు. మిగతా మనందరికీ ఆ ఉత్తరం నమూనా కాదు.

మనకు పనికొచ్చే నమూనా ఆయన రెండో ఉత్తరంలో ఉంది. దాని మాట ఎవరూ ఎత్తరు. హార్డీ ఫిబ్రవరిలో జవాబు రాస్తూ రుజువులు పంపమన్నాడు. అదీ సూటి కోరికే. ఆ నెలాఖరున రామానుజన్ తిరిగి రాస్తూ, తనకు తిండికే కష్టంగా ఉందని, బుర్ర నిలవాలంటే ముందు కడుపు నిండాలని చెప్పి, హార్డీ ఒక సానుభూతి ఉత్తరం రాసిస్తే దాన్ని చూపి యూనివర్సిటీ నుంచో ప్రభుత్వం నుంచో స్కాలర్‌షిప్ తెచ్చుకోగలనన్నాడు. ఎంత కచ్చితమైన కోరికో గమనించండి. హార్డీని డబ్బు అడగలేదు, ఇంగ్లండ్ రప్పించమనలేదు. హార్డీ బల్ల దగ్గర కూర్చుని ఒక పూటలో చేయగలిగినది, హార్డీ తప్ప మరొకరు చేయలేనిది అడిగాడు. అది ఎవరికి చూపిస్తాడో, దాంతో ఏం సాధిస్తాడో కూడా చెప్పాడు. ఆ ఏడాది మే నుంచి మద్రాసు యూనివర్సిటీ నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చింది. అది హార్డీ ఒక్కడి చలవ కాదులెండి, వాతావరణ శాఖ పెద్ద గిల్బర్ట్ వాకర్ మద్రాసు వచ్చినప్పుడు రామానుజన్ పని చూసి యూనివర్సిటీకి రాసిన సిఫారసు కూడా ఉంది. అయినా వినయానికీ సూటిదనానికీ వైరం లేదనడానికి ఆ రెండో ఉత్తరం కన్నా సాక్ష్యం ఏం కావాలి?

అసలు ఈ మెత్తదనం ఎక్కడి నుంచి వస్తోంది? అడగందే అమ్మయినా పెట్టదని సామెత చెప్పుకుంటూనే పిల్లల్ని అడగకుండా పెంచుతాం. పరాయివాళ్ల ఇంట్లో ఏదీ అడగకూడదు, పెడితే కూడా ఒకసారి వద్దనాలి. ఆ పెంపకం ఉత్తరంలోకి వచ్చేస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఒప్పుకోవడం కొంచెం కష్టం. సూటిగా అడిగితే సూటిగా ‘కాదు’ అని వస్తుంది. ‘ఏ సాయమైనా’ అని అడిగినవాడిని ఎవరూ కాదనలేరు, అసలు ఏదీ అడగలేదు కనుక. జవాబు రాకపోతే ‘పెద్దవాళ్లు బిజీ’ అని సర్దిచెప్పుకోవచ్చు. ఆ రకంగా మన పరువు దక్కుతుంది, పని మాత్రం జరగదు.

సూటిగా అడగడం అంటే ఒకే వాక్యంలో అడగడం అని కొందరు అర్థం చేసుకుంటారు, అక్కడ ఇంకో గొయ్యి ఉంది. ‘మేడమ్, నా ప్రాజెక్టుకు కో-గైడ్‌గా ఉంటారా?’ వాక్యం ఒకటే, ప్రశ్న ఒకటే, కానీ లోపల ఆరు నెలల పని ఉంది. కోరిక పరిమాణం చదివేవాడికి కనిపించాలి. ఒక ముక్క జవాబా, ఒక పేజీ చదవడమా, ఒక సంతకమా? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలి. దీన్ని పరీక్షించుకోవడానికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే: పంపేముందు అవతలివాళ్ల జవాబును మీరే రాసి చూడండి. మీకు తృప్తినిచ్చే జవాబు ఒకటి రెండు వాక్యాల్లో రాయగలిగితే ఉత్తరం సిద్ధమైనట్టు. ‘బ్రోమైడ్ వద్దు, ఐసోటోపులు చేయించు’ అని రాయొచ్చు. ‘నీకు మార్గదర్శకత్వం చేశాను’ అని రాయలేరు. మీకేం కావాలో మీకే తెలియక ఆ జవాబు రాయలేకపోతుంటే అది అపరిచితులకు రాసే దశ కాదు. సొంత గైడునో, ఒక ఏడాది ముందున్న సీనియర్‌నో కూర్చోబెట్టి మాట్లాడే దశ. తెలిసినవాళ్ల దగ్గర గజిబిజిగా మాట్లాడొచ్చు, దానికోసమే కదా తెలిసినవాళ్లున్నది.

కోరిక స్పష్టంగా ఉండి, చిన్నదిగా ఉండి, అయినా దండగయ్యే సందర్భం ఒకటుంది. అడిగినది ఆ మనిషి చేతిలో లేకపోవడం. పీహెచ్‌డీ కోసం అమెరికా ప్రొఫెసర్లకు రాసే మన పిల్లల ఉత్తరాల్లో ఇది కనిపిస్తూనే ఉంటుంది. ‘దయచేసి నాకు అడ్మిషన్ ఇవ్వండి’ అని రాస్తారు. అక్కడి చాలా విభాగాల్లో అడ్మిషన్ నిర్ణయించేది ఒక కమిటీ. ప్రొఫెసర్ ఒక్కడూ ఇవ్వలేడు, పోర్టల్‌లో అప్లికేషన్ లేకుండా అసలే ఇవ్వలేడు. ఆయన ఇవ్వగలిగినది ఒక సమాచారం: వచ్చే ఫాల్‌కు కొత్త విద్యార్థిని తీసుకునే ఆలోచన ఉందా, లేదా? ఆ ప్రశ్నకు జవాబు ఒక్క అక్షరం కూడా కావచ్చు, అది తెలిస్తే ఎక్కడ అప్లికేషన్ ఫీజు కట్టాలో తేలుతుంది. ఆ సంగతి చాలామంది తమ వెబ్ పేజీలోనే రాసి ఉంచుతారు. రాసి ఉంటే అడగకూడదు, అడిగితే పేజీ చూడలేదని మనమే ఒప్పుకున్నట్టు. జర్మనీలో పద్ధతి వేరు. అక్కడ పీహెచ్‌డీ చాలా చోట్ల ఒక ప్రొఫెసర్ దగ్గర ఉద్యోగంలాంటిది, ఆయనే నేరుగా తీసుకోగలడు. కాబట్టి ‘ఫలానా ప్రకటించిన స్థానానికి నన్ను పరిశీలిస్తారా’ అన్న ప్రశ్న అక్కడ సరైనదే. ఒకే పిల్లవాడు రెండు దేశాలకూ ఒకే ఉత్తరం, పేరు మాత్రం మార్చి, ఆ పేరు వేరే ఫాంట్‌లో మిగిలిపోయి, పంపుతాడు. ఆ ఫాంట్ తేడా చూసి నవ్వుకోని ప్రొఫెసర్ ఉండడు.

ఉద్యోగాల రిఫరల్ సంగతీ ఇదే. ‘అన్నా, మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా?’ అన్న మెసేజ్ డాలస్‌లోనూ హైటెక్ సిటీలోనూ తెలుగువాళ్లకు రోజూ వస్తుంది. కంపెనీ సైట్‌లో కనిపించేదాన్ని తన తరఫున వెతికిపెట్టమనడం అది. దాన్ని మెరుగుపరిచి, జాబ్ ఐడీ ఇచ్చి, ‘రిఫర్ చేస్తారా’ అని అడిగితే ప్రశ్న సూటిగా అయింది. కానీ చాలా కంపెనీల రిఫరల్ ఫారంలో ఈ వ్యక్తి మీకు ఎలా తెలుసు, ఎంతకాలంగా తెలుసు అని ఒక గడి ఉంటుంది. అపరిచితుడు అక్కడ ఏం రాస్తాడు? అబద్ధమాడమని అడుగుతున్నాం. దాని బదులు ‘ఈ పోస్టు ఇంకా ఖాళీగా ఉందా, లోపలివాళ్లతో నిండిపోయిందా?’ అని అడిగితే నిజాయితీగా, పది సెకన్లలో చెప్పగలడు.

నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాటేసి పోను. 2017లో రోఘనీజాద్, బోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. 45 మంది చేత 450 మంది అపరిచితుల్ని ఒకే కోరిక అడిగించారు, ఒక సర్వే నింపమని. కొందరు మనిషి ఎదుట నిలబడి అడిగారు, కొందరు అవే మాటలు ఈమెయిల్‌లో రాశారు. ఎదుట అడిగినది 34 రెట్లు ఎక్కువ ఫలించింది. కోరిక రెండు చోట్లా ఒకటే, స్పష్టమే. మరి మెయిల్ ఎందుకు ఓడింది? రాసినవాడికి తాను మంచివాడినని తెలుసు, చదివినవాడికి కనిపించింది మాత్రం ఎవరో పంపిన ఒక లింకు. సూటి ప్రశ్న నమ్మకాన్ని పుట్టించదు. అది వేరే పని, దానికి వేరే ఆనవాళ్లు కావాలి. కాలేజీ ఇచ్చిన మెయిల్ అడ్రసు, జతపరిచిన ఫైళ్లు లేకపోవడం, పని కొంత చేశానని చూపే ఒక వాక్యం. ‘చెరువులకు దగ్గరున్న పంపుల్లో వానల తర్వాత కూడా ఉప్పు తగ్గలేదు’ అన్న మాట ఊరికే రాదు, కొలిచినవాళ్లే రాయగలరు. ఆ అమ్మాయి రెండో ఉత్తరంలో పొగడ్త ఒక్కటీ లేదు, అయినా మేడమ్ పేపరును నిజంగా చదివిందని తెలిసిపోతుంది, ఎటు మొగ్గుతోందో, ఎందుకో చెప్పింది కనుక.

ఎక్కడ తేడా కొట్టిందో వచ్చే జవాబులే చెబుతాయి. ‘మీకు సరిగ్గా ఏం కావాలి?’ అని తిరిగి అడుగుతున్నారంటే ప్రశ్న మసకగా ఉంది. ‘ఆల్ ది బెస్ట్’ వస్తోందంటే ప్రశ్నే లేదు. ‘క్షమించండి, ఇప్పుడు వీలుకాదు’ అని మర్యాదగా, వెంటనే వస్తోందంటే ప్రశ్న బాగానే ఉంది, పరిమాణం పెద్దదయింది లేదా మనిషి తప్పు. అందరి దగ్గర నుంచీ పూర్తి మౌనమే అయితే ఉత్తరం తెరవనే లేదేమో, సబ్జెక్టు లైను చూసుకోవాలి. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయడంలో తప్పులేదు, అదే మెయిల్‌కు కింద, ఆ ఒక్క ప్రశ్ననే మళ్లీ రాసి. ‘నా కింది మెయిల్ చూశారా?’ అని కాదు, చూడటమనే ఇంకో పని పెట్టినట్టవుతుంది.

ఇక మిగిలింది సంబంధం ముందు, పని తర్వాత అనే మాట. ఊళ్లో, బంధువుల్లో, ఆఫీసులో అది నిజమే. అపరిచితుల మధ్య వరస తిరగబడుతుంది. ఏమీ అడగకుండా రెండు ఉత్తరాలు పొగిడి, మూడో ఉత్తరంలో సిఫారసు లేఖ అడిగితే ముందరి రెండూ ఎందుకు వచ్చాయో అప్పుడు తెలుస్తుంది, తెలిశాక నచ్చదు. మేడమ్‌కూ ఆ అమ్మాయికీ సంబంధం మొదలైంది ఒక చిన్న పని పూర్తయినందువల్ల. ఐసోటోపుల ఫలితాలు వచ్చాక, చెరువు నీటి విలువ, పంపుల విలువలు ఒక చిన్న పట్టికగా మెయిల్ లోపలే పెట్టి, ‘మీరు చెప్పినట్టే చేశాను, ఇలా వచ్చింది’ అని ఆమె పంపాలి. ఆ ఉత్తరంలో ఏమీ అడగనక్కర్లేదు. వేసవిలో మీ ల్యాబులో పనిచేయడానికి దరఖాస్తు చేసుకోవచ్చా అన్న ప్రశ్న ఆ తర్వాతి ఉత్తరానిది. అదీ ఒక్కటే, అదీ సూటిగానే. అప్పుడు కాదన్నా ఫరవాలేదు, ఆమె ప్రాజెక్టు తప్పు పరీక్ష నుంచి ఇప్పటికే బయటపడింది.